ఇంటర్వ్యూ పండగ రోజున పడితే

"మీ రెండో రౌండ్ బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు" అని జనవరి రెండో వారంలో మెయిల్ వస్తుంది. 2026లో ఆ బుధవారం, జనవరి 14, భోగి. మరునాడు సంక్రాంతి, ఆ మరునాడు కనుమ. గురుగ్రామ్‌లోనో పుణెలోనో కూర్చుని ఆ మెయిల్ పంపినవాళ్లకు సంక్రాంతి తెలిస్తే ఒక్క రోజు పండగగా తెలుస్తుంది. భోగి, కనుమ వాళ్ల సెలవుల జాబితాలో కనిపించడం అరుదు. మన వైపు చూస్తే, ఊరికి రైలు టికెట్లు నవంబరులోనే తీసి పెట్టుకుని ఉంటాం. ఇంట్లో కొత్తల్లుడి రాక దగ్గర్నుంచి అన్నీ ఆ మూడు రోజుల చుట్టూనే ఏర్పాటై ఉంటాయి.

ఇలాంటప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేసే పనులు రెండు. మొదటిది, ఏమీ అనకుండా సరే అనేయడం. తీరా ఆ రోజున మేడ మీద సిగ్నల్ కోసం వెతుక్కుంటూ, వెనక మైకులో పాటలు మోగుతుండగా, తెలిసిన జవాబులు కూడా తడబడుతూ చెప్పి రౌండ్ పోగొట్టుకుంటారు. రెండోది, ఆ రోజు పొద్దున "జ్వరంగా ఉంది" అని మెసేజ్ పెట్టడం. దీనివల్ల రౌండ్‌తో పాటు మాట కూడా పోతుంది. తేదీ మార్చమని ముందే అడిగితే సరిపోయేది. అడగనివ్వనిది ఒకటే భయం, ఉద్యోగం మీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని.

ఆ భయం పూర్తిగా ఉత్తది కాదు. తేదీ మార్చమన్న కొందరిని రిక్రూటర్లు నిజంగానే పక్కన పెడతారు. అయితే వాళ్లు పక్కన పెట్టేది పండగ పేరు విని కాదు. ఎందుకో తెలియాలంటే రిక్రూటర్ బల్ల దగ్గర పని ఎలా నడుస్తుందో కాస్త చూడాలి.

ఇంటర్వ్యూ చేసేది రిక్రూటర్ కాదు. ప్యానెల్‌లో కూర్చునేది ఆ టీమ్‌లో పనిచేసే ఇంజనీర్లు, మేనేజర్లు. వాళ్లకు వాళ్ల పని ఉంటుంది. ఆ పని మధ్యలోంచి ఒక గంట ఇమ్మని బతిమాలి స్లాట్ తీసుకోవడం రిక్రూటర్ ఉద్యోగంలో పెద్ద భాగం. అభ్యర్థి రెండు గంటల ముందు రాలేనంటే ఆ గంట వృథా. ప్యానెల్ మనిషి విసుక్కుంటాడు, మరోసారి అడిగితే అంత తేలిగ్గా ఇవ్వడు. అదే మాట మూడు పని దినాల ముందు చెబితే ఆ గంటలోకి ఇంకో అభ్యర్థిని కూర్చోబెడతారు, ఎవరికీ నష్టం ఉండదు. కారణం ఒకటే, మాటలు అవే. చెప్పిన వేళను బట్టి ఒకసారి అది మామూలు సర్దుబాటు, ఒకసారి రిక్రూటర్‌కు తలవంపు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మన ఐటీ రంగంలో నోటీస్ పీరియడ్ అరవై, తొంభై రోజులు ఉండటం మామూలైపోయింది. ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని, ఆ రెండు మూడు నెలల్లో ఇంకో నాలుగు చోట్ల తిరిగి, ఎక్కువ ఇచ్చినచోట చేరేవాళ్లు చాలామంది. చేరతామని చెప్పి, జాయినింగ్ రోజున ఫోన్ ఆపేసేవాళ్లూ ఉన్నారు. దీన్ని వాళ్ల భాషలో డ్రాపవుట్ అంటారు. నెలల శ్రమ ఒక్క పూటలో పోతుంది కాబట్టి రిక్రూటర్లకు దీనంత భయం ఇంకోటి లేదు. అందుకే తేదీ మార్చమని ఎవరు అడిగినా వాళ్ల మనసులో ముందు లేచే ప్రశ్న ఒకటే: ఈ మనిషికి నిజంగా పని పడిందా, ఇంకో కంపెనీ జవాబు కోసం మమ్మల్ని ఆపుతున్నాడా?

వేరే కంపెనీ జవాబు కోసం ఆగుతున్నవాడి అడుగుడుకి కొన్ని గుర్తులుంటాయి. కొత్త తేదీ చెప్పడు, "వచ్చే వారం చూద్దాం" అంటాడు. మెయిల్‌కు జవాబు రెండు రోజుల తర్వాత ఇస్తాడు. ఒకసారి మార్చాక రెండోసారీ మార్చమంటాడు. కారణం చాలా పొడుగ్గా చెబుతాడు, లేదా అసలు చెప్పడు. ఈ గుర్తులు మీ మాటలో లేకపోతే చాలు, పండగ అన్నా పెళ్లన్నా ఎవరూ చిన్నచూపు చూడరు. నేను నేర్పగలిగిన మెళకువ ఇంతవరకే. మిగతాదంతా దీన్ని ఆచరణలో పెట్టడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడ దగ్గర పల్లెటూరి అమ్మాయి, హైదరాబాదులో మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. బెంగళూరు కంపెనీలో మొదటి రౌండ్ జనవరి 7న బాగా జరిగింది. 9వ తేదీ శుక్రవారం సాయంత్రం రెండో రౌండ్‌కు క్యాలెండర్ ఇన్వైట్ వచ్చింది: 14వ తేదీ, మధ్యాహ్నం మూడు. ఆమెకు 12 సోమవారం రాత్రి సికింద్రాబాదులో రైలు. తిరుగు ప్రయాణం 18 ఆదివారం రాత్రి, 19 పొద్దున హైదరాబాదు చేరుతుంది.

ఆమె ముందుగా చేయాల్సింది తన రోజుల లెక్క తాను తేల్చుకోవడం. "ఆ వారమంతా కుదరదు" అనడం తేలిక, కానీ అది నిజం కాదు. 12 సోమవారం సాయంత్రం ఐదు దాకా ఆమె హైదరాబాదులోనే ఉంటుంది. 13 మంగళవారం ఊళ్లో ఉంటుంది గానీ ఆ రోజు పండగ ఇంకా మొదలవదు. 14, 15, 16 కుదరవు. 19 మధ్యాహ్నం నుంచి మళ్లీ ఖాళీ. నిజంగా వీలుకానివి మూడు రోజులే అని తేలింది. అడగాల్సింది ఆ మూడు రోజుల గురించే.

ఇక్కడ చాలామందికి తట్టనిది ఒకటుంది. ఇంటర్వ్యూని వెనక్కి జరపమని అడగడమే మార్గమనుకుంటారు. ముందుకు జరపమని కూడా అడగవచ్చు. బుధవారం బదులు సోమవారమే చేస్తానన్న మనిషిని తప్పించుకు తిరుగుతున్నాడని ఎవరూ అనుకోరు. ప్యానెల్‌కు సోమవారం కుదరకపోయినా సరే, ఆ మాట తన పని చేసేస్తుంది. ఆ తర్వాత 19 అడిగినా నమ్మకం తగ్గదు. చదువుకోవడానికి రెండు రోజులు తగ్గుతాయి కాబట్టి, సిద్ధంగా లేకపోతే మాత్రం ముందు తేదీ చెప్పకూడదు. మాట కోసం ఒప్పుకుని రౌండ్ పోగొట్టుకోవడంలో అర్థం లేదు.

రెండో పని, ఇన్వైట్‌లో ఉండే డిక్లైన్ బటన్ జోలికి పోకుండా ఉండటం. చాలా కంపెనీల్లో ఆ ఇన్వైట్ పంపేది షెడ్యూలింగ్ మాత్రమే చూసుకునే మరొక ఉద్యోగి. డిక్లైన్ నొక్కితే వాళ్లకూ ప్యానెల్‌కూ "అభ్యర్థి వద్దన్నారు" అన్న ముక్క ఒక్కటే వెళ్తుంది. మీ కారణం వెళ్లదు. మీతో మొదటి నుంచీ మాట్లాడిన రిక్రూటర్‌కు ఆ విషయం ఆఖర్న తెలుస్తుంది. అందుకని ముందు ఫోన్, ఆ వెంటనే మెయిల్, కొత్త ఇన్వైట్ వచ్చేదాకా పాతదాన్ని ముట్టుకోకూడదు.

శుక్రవారం సాయంత్రం వచ్చిన ఇన్వైట్‌కు సోమవారం ఫోన్ చేస్తే మధ్యలో మిగిలేది ఒక్క పని దినం. కాబట్టి శుక్రవారమే చేయాలి. ఆఫీసు వేళ దాటితే మెయిల్ ఆ రాత్రికే పెట్టి, శనివారం పొద్దున చిన్న మెసేజ్ పెట్టాలి. ఫోన్ కలిసిందనుకుందాం.

"నమస్తే మేడమ్. సెకండ్ రౌండ్ ఇన్వైట్ ఇప్పుడే చూశాను, థాంక్యూ. ఒక్క విషయం అడగాలి. 14 నుంచి 16 దాకా మాకు సంక్రాంతి, సోమవారం రాత్రి రైలుకి ఊరెళ్తున్నాను. సోమవారం సాయంత్రం ఐదు లోపు ఎప్పుడు పెట్టినా నేను రెడీ. అది కుదరకపోతే 19 మధ్యాహ్నం నుంచి, 20 రోజంతా ఖాళీగా ఉంటాను. ప్యానెల్‌కి వీటిలో ఏది వీలైతే అది పెట్టేయండి."

అంతే. పండగ ప్రాశస్త్యం చెప్పలేదు. మూడుసార్లు సారీ చెప్పలేదు. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనలేదు. ఆ చివరి మాట వినయంగా వినిపిస్తుంది గానీ రిక్రూటర్‌కు పని పెంచుతుంది. ఏ తేదీ చెబితే మళ్లీ కాదంటారో తెలియక వాళ్లు ఆ పని పక్కన పెడతారు. మూడు ఖచ్చితమైన వేళలు చెబితే, వాటిని అలాగే ప్యానెల్‌కు పంపించి జవాబు రాబట్టుకోవచ్చు.

అన్నీ ఇంత సాఫీగా జరగవు. రిక్రూటర్ ఇలా అనవచ్చు: "మా మేనేజర్ 19 నుంచి వారం రోజులు లీవులో ఉంటారండీ. సోమవారం ఆయనకి ఖాళీ లేదు. 14 తప్ప కుదిరేలా లేదు." ఇక్కడ వెంటనే లొంగిపోనక్కర్లేదు, పట్టుబట్టనూ కూడదు. అమ్మాయి లెక్కలో ఇంకా 13 మిగిలే ఉంది. "అయితే మేడమ్, 13 మంగళవారం పదకొండు తర్వాత నాకు వీలవుతుంది. పొద్దున ఊరు చేరతాను, కాకినాడలో మా పిన్నిగారింట్లో మంచి ఇంటర్నెట్ ఉంది, అక్కణ్నుంచి కూర్చుంటాను." ఇది ఆమెకు హాయైన ఏర్పాటేమీ కాదు. రాత్రంతా ప్రయాణం చేసి ఇంటర్వ్యూకి కూర్చోవాలి. కానీ పండగ మూడు రోజులూ మిగులుతాయి, మేనేజర్ లీవుకు ముందే రౌండ్ అయిపోతుంది. 13 మొదటే చెప్పకుండా దాచుకోవడం కూడా సరైనదే. తక్కువ సౌకర్యంగా ఉన్న తేదీని అవసరం పడితేనే బయటపెట్టాలి.

13 కూడా కుదరకపోతే ఇంకో ప్రశ్న అడగవచ్చు: ఆ రౌండ్‌ను మేనేజర్ బదులు టీమ్‌లో ఇంకొకరు తీసుకోగలరా, లేదా హెచ్ఆర్ రౌండ్ ముందు పెట్టి ఇది మేనేజర్ తిరిగి వచ్చాక పెట్టవచ్చా? రౌండ్ల వరుస రాతి మీద గీత కాదు, చాలాచోట్ల మారుస్తారు. అది అభ్యర్థి అడిగితే తప్ప రిక్రూటర్‌కు గుర్తు రాకపోవచ్చు.

ఫోన్‌లో ఒప్పందం కుదిరాక పది నిమిషాల్లో మెయిల్ వెళ్లాలి. అది మామూలుగా ఇంగ్లీషులోనే పంపుతాం, సారం ఇలా ఉంటే చాలు: "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు, సంక్రాంతి కారణంగా 14 నాటి రెండో రౌండ్‌ను 13 మంగళవారం ఉదయం 11.30కి మార్చుకుంటున్నాం. కొత్త ఇన్వైట్ రాగానే ఖాయం చేస్తాను. సర్దుబాటు చేసినందుకు ధన్యవాదాలు." ఈ మెయిల్ మర్యాద కోసం మాత్రమే కాదు. రిక్రూటర్ మారిపోవచ్చు, ఇన్వైట్ మార్చడం మరచిపోవచ్చు, ప్యానెల్ మనిషి 14న లాగిన్ అయి "అభ్యర్థి రాలేదు" అని రాసేయవచ్చు. అలా రాస్తే నో షో కింద లెక్క. కొన్ని కంపెనీల్లో ఆ గుర్తు మీ పేరు పక్కన ఉండిపోతుంది. 12 సాయంత్రానికి కూడా కొత్త ఇన్వైట్ రాకపోతే మళ్లీ ఫోన్ చేయాల్సింది మీరే.

అసలు ఈ తంతు ఇంత అవసరం లేకుండా చేసే చోటు ఒకటుంది, మొదటి ఫోన్ కాల్. రిక్రూటర్ తొలిసారి మాట్లాడినప్పుడు ఇప్పటి జీతం, ఆశించే జీతం, నోటీస్ పీరియడ్ అడుగుతారు. ఆ కాల్ చివర "13 నుంచి 18 దాకా పండగకి ఊళ్లో ఉంటాను, ఆ రోజులు తప్ప ఎప్పుడైనా వీలే" అని ఒక్క వాక్యం చెబితే అది వాళ్ల నోట్స్‌లో పడుతుంది. అప్పటికి ప్యానెల్ లేదు, స్లాట్ లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. అది అభ్యర్థన కాదు, సమాచారం. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంటే జనవరి 12 టికెట్ నవంబరు 13కే తీసేసుకోవచ్చు. రెండు నెలల ముందే ఖాయమైన ప్రయాణం గురించి రెండు రోజుల ముందు చెబితే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. దసరాకు ఊరెళ్లేవాళ్లు, సద్దుల బతుకమ్మకు ఇంటి దగ్గర ఉండాల్సినవాళ్లు కూడా ఇదే చేయాలి. సద్దుల బతుకమ్మ ఏ రోజన్న దానిమీద ఒక్కో ఏడాది ఊరికో మాట ఉంటుంది కాబట్టి అక్కడ ఒక రోజు అటూ ఇటూ కలిపి చెప్పడం మంచిది.

అడిగినా మారనివీ ఉన్నాయి. శనివారం పెట్టే హైరింగ్ డ్రైవ్, వాకిన్, క్యాంపస్ సెలక్షన్, ఫలానా రెండు గంటల్లోనే తెరుచుకునే ఆన్‌లైన్ పరీక్ష, వీటిలో ఒక్క మనిషి కోసం తేదీ మార్చడం రిక్రూటర్ చేతిలో ఉండదు. అక్కడ అడగాల్సింది, తర్వాతి డ్రైవ్ ఎప్పుడు, అందులో నా పేరు చేర్చగలరా అని.

ఇంట్లో శుభకార్యాల సంగతికొస్తే చిక్కు ఇంటర్వ్యూ దగ్గర కంటే జాయినింగ్ దగ్గర ఎక్కువ. ఇంటర్వ్యూ గంట పని, దాన్ని అటూ ఇటూ జరపవచ్చు. చెల్లెలి పెళ్లికి పది రోజుల సెలవు కావాలి. అదీ చేరిన మూడో వారంలో. కొత్తగా చేరినవాళ్లకు చాలాచోట్ల సెలవులు నెలకు ఇన్ని చొప్పున జమవుతాయి, ప్రొబేషన్‌లో వాడుకోవడానికి హద్దులుంటాయి. చేరాక మేనేజర్ దగ్గరికెళ్లి పెళ్లి మాట చెబితే ఆయన కాదనకపోవచ్చు. కానీ తనకు ముందే తెలిసీ చెప్పలేదన్న భావన ఆయన మనసులో ఉండిపోతుంది.

దీనికి సరైన వేళ చాలా ఇరుకైనది. ఎంపికయ్యారని చెప్పి, జీతం మాట్లాడి, ఆఫర్ లెటర్ ఇంకా ఇవ్వని ఆ రెండు మూడు రోజులు. అంతకు ముందు చెబితే ఎంపిక కాకముందే సెలవు అడిగినట్టుంటుంది. ఆఫర్ మీద సంతకం పెట్టాక చెబితే మాట మార్చినట్టుంటుంది. ఆ వేళలో మీ ముందు రెండు దారులుంటాయి. పెళ్లి అయ్యాక చేరడం ఒకటి. అనుకున్న తేదీకే చేరి, జీతం లేని సెలవుకు ముందే ఒప్పించుకోవడం రెండోది.

మొదటిది మనశ్శాంతిగా ఉంటుంది గానీ దానికో ఖర్చుంది. పాత ఉద్యోగంలో ఆఖరి రోజుకూ కొత్త ఉద్యోగంలో మొదటి రోజుకూ మధ్య ఖాళీ వస్తే ఆ రోజులకు జీతం ఉండదు, పాత కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా మామూలుగా ఆఖరి పని దినంతో ఆగిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నలు ఆ పాలసీ మీదే ఉంటే ఇది చిన్న విషయం కాదు. పైగా చాలా కంపెనీలు కొత్తవాళ్లను ఒక్కొక్కరిగా కాక సోమవారాల్లోనో, నెలకు రెండు తేదీల్లోనో బ్యాచ్‌గా చేర్చుకుంటాయి. మీరు మూడు రోజులు అడిగితే వాళ్లు రెండు వారాలు జరపాల్సి రావచ్చు. అందుకని "ఏ తేదీల్లో బ్యాచ్‌లు ఉన్నాయి?" అని ముందు అడిగి, ఆ తర్వాత మీ తేదీ చెప్పాలి. నా సలహా అడిగితే, పెళ్లి చేరిన నెలలోపే ఉంటే పెళ్లి అయ్యాకే చేరండి. అంతకు మించి దూరం ఉంటే ముందే చేరి సెలవు రాయించుకోండి. రాయించుకోవడం అంటే రిక్రూటర్ నోటి మాట కాదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవుకు మేనేజర్ అంగీకరించారు" అన్న మెయిల్ ఉండాలి. మీరు చేరేసరికి ఆ రిక్రూటర్ వేరే కంపెనీలో ఉండవచ్చు.

శుభకార్యం పేరు చెప్పేటప్పుడు వరస చెప్పండి, తేదీ చెప్పండి, వివరణ వదిలేయండి. "మా చెల్లి పెళ్లి, ఫిబ్రవరి 20" అంటే చెన్నైలో ఉన్నవారికైనా, నోయిడాలో ఉన్నవారికైనా అర్థమవుతుంది. తేదీ మార్చలేనిదని కూడా వాళ్లకు వెంటనే తెలుస్తుంది, ముహూర్తాల పట్టింపు దేశమంతా ఉన్నదే. మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షన్, మనవడి పంచెల ఫంక్షన్ లాంటి వాటికి మాత్రం ఇంటర్వ్యూ మార్చమని అడగవద్దనే నేనంటాను. భోజనాలకు వెళ్లి రావచ్చు, గంటసేపు పక్క గదిలో కూర్చోవచ్చు. ఒక కంపెనీతో ఒకసారి మాత్రమే సులువుగా దొరికే వెసులుబాటు ఇది, దేనికి వాడుకోవాలో మీరే ఎంచుకోవాలి.

చావు కబురు విషయంలో ఈ లెక్కలేవీ వర్తించవు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ప్రత్యామ్నాయ తేదీలు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. "మా నాన్నగారు పోయారు, పెద్ద కర్మ ఫలానా తేదీన, ఆ తర్వాత నేనే ఫోన్ చేస్తాను" అని రెండు ముక్కలు చాలు. మీకు చేతకాకపోతే తమ్ముడితోనో స్నేహితుడితోనో పంపించండి. చెప్పిన తేదీకి ఫోన్ చేయడం మాత్రం మరవకండి. అబద్ధపు చావులు చెప్పి తప్పించుకునేవాళ్లు ఈ మాటకు ఉన్న విలువను చాలా తగ్గించారు. ఆ పని ఎవరూ చేయకూడదు.

ఇక పరీక్షలు. ఇవి ఒకే రకం కాదు, తేడా తెలియకపోతే నష్టం. చదువుతున్న డిగ్రీ చివరి సెమిస్టర్, మిగిలిపోయిన సప్లిమెంటరీ, ఇవి ఆ ఉద్యోగానికి కావలసిన పరీక్షలే. బ్యాక్‌లాగ్‌లు లేకుండా డిగ్రీ పూర్తి చేస్తేనే చేర్చుకుంటామని క్యాంపస్ ఆఫర్లలో షరతు ఉండటం మామూలు. కాబట్టి సప్లీ ఉందని చెప్పడానికి సిగ్గుపడి, పరీక్ష రోజునే ఇంటర్వ్యూకి ఒప్పుకుంటే రెండూ పోయే ప్రమాదం ఉంది. యూనివర్సిటీ టైమ్‌టేబుల్ పేజీ జతచేసి పంపండి, అంతకన్నా మంచి రుజువు లేదు. ఉదయం పరీక్ష, సాయంత్రం ఇంటర్వ్యూ అని సర్దుకోబోకండి. చేతకాదని కాదు, పరీక్ష పోయిందన్న దిగులు మొహం మీద ఉంటే ఇంటర్వ్యూలోనూ కనిపిస్తుంది.

గ్రూప్స్, గేట్, బ్యాంకు పరీక్షల సంగతి వేరు. "గ్రూప్-2 రాస్తున్నాను, ఆ రోజు కుదరదు" అంటే రిక్రూటర్‌కు వినిపించేది ఒక్కటే, ప్రభుత్వ ఉద్యోగం రాగానే ఈ మనిషి వెళ్లిపోతాడని. మీరు చెప్పింది నిజమే, వాళ్లు అనుకున్నదీ తప్పు కాదు. ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కారణం మొత్తం చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. "ఆ రోజు ముందే ఖాయమైన పని ఉంది, మరునాడు ఎప్పుడైనా వీలే" అంటే సరిపోతుంది, ఒక్క రోజుకు ఎవరూ తరచి అడగరు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. "పరీక్ష రాస్తున్నాను, దాని ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు, ఈ ఉద్యోగం నాకు కావాలి కాబట్టే మరునాడే అడుగుతున్నాను" అనండి.

ఈ పరీక్షలతో ఇంకో చిక్కు ఉంది. తేదీలు వాటంతట అవే మారిపోతుంటాయి. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగి రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ జరిగి మళ్లీ రద్దయింది, చివరికి 2024 జూన్ 9న జరిగింది. గ్రూప్-2 పలుమార్లు వాయిదా పడి 2024 డిసెంబరుకు చేరింది. ప్రకటించిన తేదీని నమ్మి ఇంటర్వ్యూ మార్పించుకుంటే, పరీక్ష వాయిదా పడ్డాక మళ్లీ మార్చమనాల్సి వస్తుంది. రెండోసారి అడగడం ఎంత చేటో ఇంతకు ముందే చెప్పుకున్నాం. హాల్ టికెట్ చేతికొచ్చేదాకా ఆగండి.

అమెరికాలో ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ ఇది కేవలం మర్యాద వ్యవహారం కాదు. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం ప్రకారం, కనీసం 15 మంది ఉద్యోగులున్న సంస్థలు మతపరమైన ఆచరణకు వీలు కల్పించాలి, అది ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారికీ వర్తిస్తుంది. వ్యాపారానికి చెప్పుకోదగ్గ భారం పడుతుందని చూపితే తప్ప సంస్థ కాదనకూడదని 2023లో గ్రాఫ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. దీపావళి పూజ దీని కిందకు వస్తుంది. చెల్లెలి నిశ్చితార్థం, పరీక్ష రావు. చట్టం పేరు మెయిల్‌లో ఎత్తనక్కర్లేదు, "మతపరమైన పండగ" అన్న మాట రాస్తే అక్కడి హెచ్ఆర్‌కు అర్థమవుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు కాదంటారు. ఆ కాదనడం నిజమా, ఒత్తిడా అన్నది మాటల్లోనే తెలుస్తుంది. నిజంగా వీలుకాని రిక్రూటర్ కారణం తేదీతో సహా చెబుతారు: "ఈ పోస్టుకు 16తో గడువు అయిపోతోంది, ఇప్పటికే ఇద్దరు ఆఖరి రౌండ్‌లో ఉన్నారు." అలాంటప్పుడు ఆ ఉద్యోగం ఎంత కావాలో మీరే తూచుకుని నిర్ణయించుకోవాలి. పండగ మధ్యలో రెండు గంటలు కాకినాడ వెళ్లి కూర్చోవడం తప్పేమీ కాదు. బయటి కన్సల్టెన్సీల నుంచి మాట్లాడేవాళ్లు మాత్రం కొందరు కంపెనీని అడగకుండానే "క్లయింట్ ఒప్పుకోరు" అనేస్తారు. మీరు చేరితేనే వాళ్లకు ఫీజు వస్తుంది కాబట్టి తొందర ఉంటుంది. "ఈ మూడు వేళలూ ఒకసారి క్లయింట్‌కు మెయిల్‌లో పంపి చూడండి, కాదంటే 14నే కూర్చుంటాను" అనండి. పంపితే చాలాసార్లు పని అవుతుంది.

చివరగా ఈ మాట మీకు కాదు, హైదరాబాదులో, విశాఖలో నియామకాలు చూసుకుంటున్న తెలుగు రిక్రూటర్లకు. భోగి ఏ రోజో మీ ప్యానెల్‌కు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. మొదటి కాల్‌లో జీతం, నోటీస్ పీరియడ్ అడిగే వరుసలోనే "రాబోయే మూడు వారాల్లో మీకు వీలుకాని రోజులేమైనా ఉన్నాయా?" అని మీరే అడగండి.